30 సెకన్లు, 48 బీట్లు

టీవీలో ఒక 30 సెకన్ల యాడ్ చూసి ‘అబ్బ, ఏమిటీ హడావిడి’ అనుకుంటాం. దాని వెనకే వచ్చే మరొకటి, అదీ 30 సెకన్లే, తీరిగ్గా ఒక చిన్న కథ చెప్పి, నవ్వించి మరీ వెళ్తుంది. ఇద్దరికీ గడియారం ఇచ్చింది ఒకే సమయం. మొదటిదాంట్లో షాట్లు ఎక్కువయ్యాయని, మాటలు ఎక్కువయ్యాయని తీర్పు చెప్పేస్తాం కానీ లెక్కపెట్టి చూస్తే చాలాసార్లు తీరిగ్గా అనిపించిన యాడ్‌లోనే షాట్లు ఎక్కువుంటాయి. అసలు తేడా ఇంకోచోట ఉంది. మాట ఎక్కడ పడింది, సంగీతంలో దెబ్బ ఎక్కడ పడింది, తెర మీద బొమ్మ ఎక్కడ మారింది అన్న మూడు ప్రశ్నల్లో ఉంది. ఈ మూడూ ఒకేచోట కలిస్తే చూసేవాడికి ఆ క్షణం గుర్తుండిపోతుంది. ప్రతిచోటా కలిస్తే ఏదీ గుర్తుండదు.

కాబట్టి యాడ్ చేసేవాళ్ల పని ఈ మూడింటినీ కలపడం ఒక్కటే కాదు. ఎక్కడ కలపాలో రెండు మూడు చోట్లు ముందే ఎంచుకుని, మిగతా చోట్ల వాటిని కావాలని విడదీయడం కూడా. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. అమ్మే వస్తువు గొడుగు. కంపెనీ ఏదీ లేదు, ఇది వివరించడానికి అల్లుకున్న యాడ్.

కథ ఇదీ. జూన్ నెల, బడి వదిలే వేళ, వాన. పిల్లలందరినీ ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్లిపోతుంటారు. ఒక కుర్రాడు మాత్రం వరండాలో నిలబడి ఉంటాడు. చివరికి వాళ్ల తాత సైకిలు నడిపించుకుంటూ వస్తాడు. నిలువునా తడిసిపోయి ఉంటాడు. హ్యాండిల్‌కి మాత్రం ఒక కొత్త గొడుగు, కవరు కూడా విప్పనిది, వేలాడుతుంటుంది. ‘గొడుగుండీ తడిశావేం తాతా?’ అంటాడు మనవడు. ‘కొత్తది కదరా... తడుస్తుందని’ అంటాడు తాత. ఒక్క క్షణం నిశ్శబ్దం. టప్పున గొడుగు తెరుచుకుంటుంది. ఇద్దరూ దాని కింద నడుచుకుంటూ వెళ్తారు.

సంగీతం వేగం ఎంత ఉండాలి

మొదట తేల్చుకోవాల్సింది ట్యూన్ కాదు, దాని వేగం. నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్కను బీపీఎం అంటారు. మనం ఎక్కువగా వినే సినిమా పాటల్లో, జింగిల్స్‌లో నాలుగు బీట్లు కలిసి ఒక బార్, అంటే ఒక ఆవృతం. 240ని బీపీఎంతో భాగిస్తే ఒక బార్ ఎన్ని సెకన్లో వస్తుంది. 120 బీపీఎం అయితే 2 సెకన్లు. 96 అయితే 2.5 సెకన్లు.

నా ఓటు 96కే. దాని మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు, లెక్క సుఖంగా ఉంటుంది, అంతే. మన టీవీలో యాడ్ సమయాన్ని పది సెకన్ల చొప్పున బేరమాడతారు. అందుకే ఒకసారి తీసిన 30 సెకన్ల యాడ్‌ని తర్వాత 20కి, 15కి, 10కి కుదించి మళ్లీ మళ్లీ వాడతారు. 96 బీపీఎం దగ్గర 30 సెకన్లంటే సరిగ్గా 12 బార్లు, 20 అంటే 8, 15 అంటే 6, 10 అంటే 4. ఎక్కడ కత్తిరించినా బార్ చివరే పడుతుంది, పాట మధ్యలో తెగినట్టు వినిపించదు. అదే 120 దగ్గర 30 సెకన్లకి 15 బార్లు బాగానే వస్తాయి గానీ 15 సెకన్లకి కుదించబోతే ఏడున్నర బార్లు. ఆ సగం బార్‌ని దాచడానికి మ్యూజిక్ ఎడిటర్ పడే పాట్లు వేరే కథ.

ఇలా ముందే వేగం తేల్చుకుని బొమ్మను దాని మీద అల్లడం కొత్త పద్ధతేమీ కాదు. 1928లో వాల్ట్ డిస్నీ బృందం ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అనే మిక్కీ మౌస్ కార్టూన్ తీసినప్పుడు విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే యువకుడు మెట్రోనోమ్ ముందు పెట్టుకుని, ఒక్కో బీట్‌కి ఎన్ని ఫ్రేములు వస్తాయో లెక్క కట్టాడు. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి సెకనుకు రెండు బీట్ల పాటలో ప్రతి 12 ఫ్రేములకి ఒక దెబ్బ. బొమ్మ వేసేవాడికి మిక్కీ కాలు ఏ ఫ్రేములో నేలకు తాకాలో ముందే తెలుసు. పాట, బొమ్మ ఒకే కాగితం మీద బార్ల వారీగా రాసుకునేవారు. ఈనాటి యాడ్‌కీ అలాంటి కాగితమే ఒకటి కావాలి. మనం రాసే స్క్రిప్టులో మామూలుగా ఎడమవైపు బొమ్మ, కుడివైపు మాట అని రెండు నిలువు వరసలుంటాయి. మధ్యలో మూడో వరస గీసి బార్ నంబరు, సెకన్లు వేయండి. సగం గొడవలు అక్కడే తేలిపోతాయి.

ఒక చిన్న జాగ్రత్త. మన టీవీకి సెకనుకు 25 ఫ్రేములు. 96 బీపీఎంలో ఒక బీట్ 15.625 ఫ్రేములు, అంటే పూర్తి సంఖ్య కాదు. ‘దాదాపు 16 కదా’ అని ప్రతి బీట్‌కీ 16 ఫ్రేములు కలుపుకుంటూ పోతే 48 బీట్లు అయ్యేసరికి 18 ఫ్రేములు తప్పిపోతాం. అంటే ముక్కాలు సెకను. ప్రతి బీట్‌నీ మొదటి ఫ్రేము నుంచి విడిగా లెక్కగట్టి, అప్పుడు దగ్గరి ఫ్రేముకి సవరించాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పాట వింటూ వేలితో మార్కర్లు కొట్టే అలవాటున్నవాళ్లు కూడా ఆ తర్వాత వేవ్‌ఫామ్‌లో దెబ్బ ఎక్కడ మొదలైందో చూసి సరిచేసుకుంటారు, ఎందుకంటే మన వేలు ప్రతిసారీ కొంచెం అటూ ఇటూ పడుతుంది.

మాటను మాత్రల్లో కొలవడం

ఇంగ్లిష్ కాపీరైటర్లు సెకనుకు రెండున్నర మాటలు అని లెక్కేసుకుంటారు. తెలుగులో ఆ లెక్క పనికిరాదు. మన మాట ‘చాలు’ కావచ్చు, ‘తడిసిపోకుండా’ కావచ్చు. రెండూ ఒక్కో మాటే. అక్షరాలు లెక్కపెడితే కొంత నయం. అంతకంటే దగ్గరి కొలత మనకు బళ్లోనే నేర్పారు: లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. ఛందస్సు పాఠం యాడ్ ఏజెన్సీలో అక్కరకొస్తుందని అప్పట్లో తెలుగు మాస్టారు చెప్పి ఉంటే ఇంకొంచెం శ్రద్ధగా వినేవాళ్లమేమో.

ఒక బీట్‌కి నాలుగు మాత్రలు అనుకుందాం. సంగీతం తెలిసినవాళ్లు చతురశ్రగతి అనేది ఇదే. 96 బీపీఎంలో ఒక బార్‌కి 16 మాత్రలు, 2.5 సెకన్లు. యాడ్‌లో ప్రశాంతంగా పలికే గొంతుకి ఇది హాయైన వేగం. ఇప్పుడు క్లయింటు మొదట పంపే వాక్యం లాంటిది ఒకటి తీసుకుందాం: ‘వర్షాకాలంలో మీ కుటుంబాన్ని తడవకుండా కాపాడే నమ్మకమైన గొడుగు’. అక్షరాలు 26 మాత్రమే. ఐదు సెకన్లలో చదివేయొచ్చు అనిపిస్తుంది. మాత్రలు లెక్కపెట్టండి. 41. రెండు బార్లకి, అంటే ఐదు సెకన్లకి మన దగ్గరున్నవి 32. డబ్బింగ్ ఆర్టిస్టు వేగం పావు వంతుకు పైగా పెంచితేనే ఇది పడుతుంది. పెంచితే మాట తడబడకపోవచ్చు, గొంతు మాత్రం కంగారుపడుతుంది. మ్యూచువల్ ఫండ్ యాడ్ చివర హెచ్చరిక చదివే గొంతు గుర్తు తెచ్చుకోండి.

దాని బదులు ‘ఒక్క గొడుగు. ఇద్దరికీ చాలు’ అని రాశామనుకోండి. ‘ఒక్క’ మూడు మాత్రలు, ‘గొడుగు’ మూడు, ‘ఇద్దరికీ’ ఆరు, ‘చాలు’ మూడు. మొత్తం 15. ఒక బార్‌లో ఇమిడిపోతుంది, ఒక మాత్ర మిగులుతుంది కూడా. కానీ ఇమిడిపోవడం ఒక్కటే లక్ష్యమైతే ఇంత కష్టం అక్కర్లేదు. దీన్ని ఇంకోలా పరచవచ్చు. ‘ఒక్క’ మొదటి బీట్ మీద మొదలై మూడు మాత్రలు తీసుకుంటుంది, ఒక మాత్ర ఊపిరి. ‘గొడుగు’ రెండో బీట్ మీద పడుతుంది, మళ్లీ ఒక మాత్ర ఊపిరి. ‘ఇద్దరికీ’ మూడో బీట్‌న మొదలై నాలుగో బీట్ సగం దాకా నడుస్తుంది. అక్కడ రెండు మాత్రలు ఆగి, ‘చాలు’ని తర్వాతి బార్ మొదటి బీట్ మీద పడేయాలి. బార్‌లో అన్నిటికంటే బరువైన దెబ్బ మొదటిదే. తెలుగు వాక్యంలో తీర్పు చెప్పే మాట సాధారణంగా చివరికి వస్తుంది. చివరి మాటను తర్వాతి బార్ తొలి దెబ్బకి అప్పగిస్తే, ‘ఇద్దరికీ...’ అని విన్నవాడు ఒక చిన్న క్షణం ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు పావు సెకను కంటే కొంచెం ఎక్కువ, అంతే.

ఒక మాట ఒప్పుకోవాలి. మనిషి మాట్లాడేటప్పుడు గురువు సరిగ్గా లఘువుకి రెట్టింపు ఉండదు. తొందరలో దీర్ఘాలు కుదించుకుపోతాయి, కోపంలో ఒత్తులు సాగుతాయి. మాత్రల లెక్క కాగితం మీద వాక్యం పడుతుందో లేదో చెప్పగలదు, ఎలా పలకాలో చెప్పలేదు. అందుకే షూటింగ్‌కి ముందే ఆఫీసులో ఎవరిదో ఒకరి గొంతుతో, మెట్రోనోమ్ మీద, మొత్తం స్క్రిప్టు చదివించి రికార్డు చేస్తారు. దీన్ని స్క్రాచ్ అంటారు. స్క్రాచ్‌లో ఊపిరి అందని వాక్యం స్టూడియోలో పెద్ద ఆర్టిస్టుకి కూడా అందదు.

బార్ల వారీగా గొడుగు యాడ్

ఇప్పుడు పన్నెండు బార్లూ పరుచుకుందాం. మొదటి రెండు బార్లు, అంటే ఐదు సెకన్లు, రెండే షాట్లు. తాళం లేదు, చినుకుల చప్పుడు, దూరంగా ఒక వాద్యం. బడి గంట రెండో బార్ చివర మోగుతుంది. మూడో బార్ తొలి దెబ్బతో తాళం మొదలు, పిల్లలు బయటికి పరుగు. మూడు, నాలుగు, ఐదు బార్లలో ఆరు షాట్లు. రెయిన్‌కోటు తొడిగే అమ్మ, నిండిపోయిన ఆటో, స్కూటరు మీద ముగ్గురు, ఇలా. సగటున సెకనుంబావుకి ఒక షాటు.

ఇక్కడే చాలామంది ఎడిటర్లు, ముఖ్యంగా కొత్తవాళ్లు, పొరపాటు పడతారు. ఆరు షాట్లూ సరిగ్గా అర బార్‌కి ఒకటి చొప్పున బీట్ మీద కోసేస్తారు. టైమ్‌లైన్ మీద అది ముచ్చటగా కనిపిస్తుంది. చూసేవాడికి మాత్రం మూడో కట్‌కల్లా నాలుగోది ఎప్పుడొస్తుందో తెలిసిపోతుంది, పెళ్లి ఫొటోల వీడియోలా అయిపోతుంది. తెలిసిపోయిన వేగం వేగంలా అనిపించదు. అందుకే ఈ ఆరింటిలో మొదటిదీ చివరిదీ మాత్రం బీట్ మీద ఉంచి, మిగతావాటిని కదలిక చెప్పిన చోట కోయాలి. స్కూటరు చక్రం గుంటలో పడి నీళ్లు ఎగిరే క్షణం బీట్ మీద పడితే చాలు, కట్ దానికి నాలుగైదు ఫ్రేముల తర్వాత, నీళ్లు ఇంకా గాల్లో ఉండగానే పడవచ్చు. బీట్‌తో కలవాల్సింది ఎప్పుడూ కట్టే కానక్కర్లేదు. కాలు నేలకు తగలడం, తలుపు పడటం, ఒక చూపు తిరగడం, ఇవన్నీ బీట్లే.

ఆరో బార్, 12.5వ సెకను. తాత వస్తాడు. రెండున్నర సెకన్ల పాటు కట్ లేదు. ఇంతసేపు చకచకా కోసిన తర్వాత ఆగిన ఈ షాటు దాని అసలు నిడివి కంటే పొడుగ్గా అనిపిస్తుంది. వేగం మీద అదుపు అంటే నా లెక్కలో ఇదే. నెమ్మదిగా కోయడమో వేగంగా కోయడమో కాదు, ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టడం.

ఈ షాటు సగంలోనే, 13.75 దగ్గర, కుర్రాడి గొంతు మొదలవుతుంది: ‘గొడుగుండీ తడిశావేం తాతా?’ తెర మీద ఇంకా తాతే ఉన్నాడు. 15వ సెకను దగ్గర కుర్రాడి ముఖానికి కట్. అప్పటికి ప్రశ్న సగం అయిపోయింది. మాట ముందు, బొమ్మ తర్వాత వచ్చే ఈ అమరికను ఎడిటింగ్ గదిలో జే-కట్ అంటారు. టైమ్‌లైన్ మీద శబ్దం ముందుకు సాగి ఆ ఇంగ్లిష్ అక్షరంలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడ దాని వల్ల లాభమేమిటంటే, ప్రశ్న వింటూ మనం తాత తడిసిన బట్టల్ని, వేలాడే గొడుగునీ చూస్తాం. ప్రశ్నకు అర్థం బొమ్మలో ముందే దొరుకుతుంది. మాట, బీట్, కట్ మూడూ ఇక్కడ విడివిడిగా నడుస్తున్నాయి. కావాలనే.

ప్రశ్న 16 మాత్రలు, 16.25కి ముగుస్తుంది. వెంటనే తాత జవాబు. ‘కొత్తది కదరా’ ఎనిమిది మాత్రలు, సెకనుంబావు. ఇదంతా కుర్రాడి ముఖం మీదే వినిపిస్తుంది. సరిగ్గా 17.5 దగ్గర, ఎనిమిదో బార్ తొలి దెబ్బ మీద, తాత ముఖానికి కట్, ‘తడుస్తుందని’. యాడ్‌లో మాట, బీట్, బొమ్మ మూడూ కలిసిన మొదటి చోటు ఇది. జోకు ఆ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి.

సెట్లో నటులు ఇంత కొలతగా మాట్లాడరు. ఎవరూ అడగకూడదు కూడా. ఒక టేకులో తాత ‘కొత్తది కదరా’ని సెకనులో అనేస్తాడు, మరో టేకులో రెండు సెకన్లు తీసుకుంటాడు. మనల్ని కాపాడేది రెండు ముక్కల మధ్య ఉన్న విరామం. ఆ విరామాన్ని పెంచీ తగ్గించీ రెండో ముక్కని బీట్ మీదికి తేవచ్చు, పైగా మొదటి ముక్క పలికేటప్పుడు తెర మీద ఉన్నది కుర్రాడు కాబట్టి తాత పెదవులతో పేచీ లేదు. విరామం లేని పొడుగు వాక్యం రాస్తే ఈ వెసులుబాటు ఉండదు. రచయిత చుక్క పెట్టిన ప్రతిచోటా ఎడిటర్‌కి ఒక కీలు దొరుకుతుంది.

‘తడుస్తుందని’ 18.6కి అయిపోతుంది. 18.75కి సంగీతం పూర్తిగా ఆగిపోతుంది. సెకనుంబావు వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. క్లయింటు దగ్గరికి యాడ్ వెళ్లినప్పుడు మొదట ఎసరు వచ్చేది ఈ సెకనుంబావుకే. ‘ఇక్కడ ఖాళీగా ఉంది కదా, మన గొడుగు గట్టితనం గురించి ఒక ముక్క వేయొచ్చు కదా’ అంటారు. వేస్తే జోకు చచ్చిపోతుంది. నవ్వు రావడానికి మనిషికి కొంచెం సమయం కావాలి, ఆ సమయంలో ఇంకో సమాచారం చెవిలో పడితే నవ్వు ఆగిపోతుంది. ఇచ్చిన డబ్బులో అత్యంత విలువైన ముక్క అదేనని ఒప్పించడం దర్శకుడి పని.

20.0. టప్. గొడుగు తెరుచుకుంటుంది, సంగీతం మొత్తం తిరిగి వస్తుంది. రెండో కలయిక. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. బీట్ మీద ఉండాల్సింది షాటు మొదలు కాదు, గొడుగు గుడ్డ పూర్తిగా బిగిసిన క్షణం. అందువల్ల కట్ దానికంటే ఓ పది ఫ్రేములు ముందు, 19.6 దగ్గర, ఇంకా నిశ్శబ్దంలోనే పడాలి. కొత్త బొమ్మ వచ్చాక కన్ను అందులో ఏం చూడాలో వెతుక్కోవడానికి కొంచెం వ్యవధి పడుతుంది. కట్‌నీ గొడుగునీ ఒకే ఫ్రేములో పెడితే, గొడుగు తెరుచుకున్న సంగతి కన్ను గుర్తించేసరికి దెబ్బ దాటిపోయి ఉంటుంది. మామూలు కట్ల విషయంలో కూడా బీట్‌కి ఒకటి రెండు ఫ్రేములు ముందు కోస్తేనే సరిగ్గా బీట్ మీద కోసినట్టు అనిపిస్తుందని ఎడిటర్లు అనేది ఇందుకే.

శబ్దం సంగతి దీనికి తలకిందులు. బొమ్మ కంటే శబ్దం ముందు వస్తే మనం త్వరగా పట్టేస్తాం, వెనక వస్తే క్షమిస్తాం. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన కొలతల ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందుకు జరిగితే చూసేవాళ్లకి తేడా తెలుస్తుంది, వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా తెలియదు. మన ఫ్రేము ఒకటి 40 మిల్లీసెకన్లు. అంటే ‘టప్’ చప్పుడు ఒక ఫ్రేము దాటి ముందుకు జరిగిందంటే దొరికిపోతాం, రెండు మూడు ఫ్రేములు ఆలస్యమైతే గట్టెక్కుతాం. ఉరుము కంటే మెరుపు ముందు కనిపించే లోకంలో పెరిగిన చెవులు మనవి.

తొమ్మిది, పది బార్లు ఒకే షాటు. ఐదు సెకన్లు. ఒక గొడుగు కింద తాత, మనవడు, సైకిలు. మొదటి బార్‌లో మాట లేదు, మెలోడీ పాడుతుంది. 22.5 దగ్గర మెలోడీ తప్పుకుంటుంది, వెనక తాళం మాత్రం నడుస్తుంది, గొంతు వస్తుంది: ‘ఒక్క గొడుగు. ఇద్దరికీ...’ వేణువు, గొంతు ఒకేసారి పోటీపడితే వాల్యూమ్ ఎంత సర్దినా రెండూ నష్టపోతాయి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఊరుకోవడమే మార్గం, దాన్ని మిక్సింగ్‌లో కాదు, ట్యూన్ కట్టేటప్పుడే అనుకోవాలి. 25.0 దగ్గర ‘చాలు’, దాంతోపాటే గొడుగు మీదికి కట్. మూడో కలయిక.

బ్రాండ్ పేరు ఆ దెబ్బ మీద చెప్పాలని అందరికీ ఉంటుంది. వద్దు. ఆ దెబ్బలో డ్రమ్మూ తాళాలూ ఉంటాయి, పేరులోని మొదటి అక్షరం వాటి కింద నలిగిపోతుంది. రెండు బీట్లు ఆగి 26.25 దగ్గర, చప్పుడు సద్దుమణిగాక చెబితే ప్రతి అక్షరం వినిపిస్తుంది. 27.5 దగ్గర చివరి ముక్తాయింపు. మిగిలిన రెండున్నర సెకన్లు ఆ నాదం కరిగిపోవడానికి. టైటన్ వాచీల యాడ్లలో మోజార్ట్ 25వ సింఫనీ ముక్క, 2002లో ఏ.ఆర్. రహమాన్ ఎయిర్‌టెల్‌కి కట్టిన ట్యూన్ ఏళ్ల తరబడి చెవుల్లో నిలిచిపోయాయి. అలాంటి ట్యూన్ ఉన్న బ్రాండ్‌కి దాని పేరు చెప్పే పని సగం ట్యూనే చేసేస్తుంది. మన గొడుగుకి ఇంకా ఆ భాగ్యం లేదు.

యాడ్ పూర్తయ్యాక పరీక్షలు సులువే. శబ్దం కట్టేసి చూడండి. కథ అర్థం కాకపోతే మాటలు బొమ్మ పని చేస్తున్నాయని అర్థం. తర్వాత కళ్లు మూసుకుని వినండి, ఎక్కడ ఊపిరాడలేదో తెలుస్తుంది. చివరగా యాడ్ గురించి ఏమీ తెలియని మనిషికి ఒక్కసారి చూపించి ఏం అమ్మారో అడగండి. తాత జోకు చెప్పి, వస్తువు చెప్పలేకపోతే, 25వ సెకను దగ్గర ఏదో నలిగింది.

యూట్యూబ్‌కి ఇదే యాడ్ ఇలాగే పెడితే దెబ్బతింటాం. ‘స్కిప్’ బొత్తాం ఐదు సెకన్లకి వస్తుంది, మన మొదటి ఐదు సెకన్లలో ఉన్నది చినుకులే. అక్కడికి కుర్రాడి ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. ఐదు సెకన్లంటే రెండు బార్లు కాబట్టి ప్రశ్న, జవాబు దాదాపు అందులోనే పడతాయి. ఆరు సెకన్ల బంపర్ యాడ్ అయితే 96 లెక్క పనికిరాదు, 80 బీపీఎంకి మారాలి. అప్పుడు బార్ మూడు సెకన్లు, రెండు బార్లతో యాడ్ అయిపోతుంది.

హిందీ బీట్ మీద తెలుగు మాట

ఇంతా చెప్పాక మన అసలు బాధ మిగిలే ఉంది. తెలుగు టీవీలో కనిపించే పెద్ద కంపెనీల యాడ్లు చాలావరకు హిందీలో ఆలోచించి, హిందీ స్క్రాచ్ మీద ఎడిట్ చేసి, పిక్చర్ లాక్ అయ్యాక మన దగ్గరికి వస్తాయి. కట్లు, సంగీతం, నిశ్శబ్దాలు అన్నీ ఆ భాష కొలతకి కుట్టినవి. హిందీలో ఎన్నో మాటలు హల్లుతో ఆగిపోతాయి. ఘర్, బాత్, కామ్, రంగ్, ఒక్కోటి ఒక్కో దెబ్బ. తెలుగులో ఇల్లు, మాట, పని, రంగు, అన్నీ అచ్చుతో ముగిసి రెండేసి దెబ్బలవుతాయి. హిందీ గొంతు బీట్ మీద ఠక్కున ఆగిన చోట తెలుగు గొంతు ఇంకో అక్షరం దాటి వెళ్తుంది. ఆ ఒక్కో అక్షరం పోగుపడి, ఐదు సెకన్ల వాక్యం ఆరు సెకన్లవుతుంది. అప్పుడు రెండే దారులు. ఆర్టిస్టుని పరిగెత్తించడం, లేదా అర్థం కొంత వదిలేయడం. చాలామంది మొదటిదే ఎంచుకుంటారు, ఎందుకంటే వదిలేయడానికి ముంబయి నుంచి అనుమతి రావాలి.

రెండోదే మేలు. హిందీ వాక్యంలో బీట్ మీద పడిన మాట ఏదో ముందు పట్టుకోండి. అది ఒక్కటి తెలుగులో అదే బీట్ మీద పడేలా చూసుకుని, దానికి ముందున్నదంతా తిరిగి రాయండి, విశేషణాలు పోతే పోనివ్వండి. వాక్యాన్ని మాటకి మాట కాకుండా దెబ్బకి దెబ్బ మార్చినట్టు. పెదవులు కనిపించే షాట్లలో ఇది కష్టమే, వెనక గొంతు మాత్రమే వినిపించే చోట అడ్డేమీ లేదు.

యాడ్లు చేయించే సంస్థలకి ఒక విన్నపం. సంగీతం లాక్ చేయకముందే బార్లు, సెకన్లు వేసిన ఆ మూడు వరసల కాగితం తెలుగు రచయితకి కూడా పంపండి. ఫలానా నిశ్శబ్దం తెలుగులో పావు సెకను పెంచాలని, ఫలానా కట్ రెండు బీట్లు వెనక్కి జరపాలని వాళ్లు ఆ రోజే చెప్పగలరు. ఆ రోజు అది ఒక గంట పని. పిక్చర్ లాక్ అయిన మర్నాడు ఎవరూ ముట్టుకోరు.